రాత్రంతా ఏమీ తినకపోయినా పొద్దున షుగర్ ఎక్కడిది?

పరగడుపు రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామందికి వచ్చే అనుమానం ఇది: "రాత్రి ఎనిమిదిన్నరకు తిన్నాను. పొద్దున చుక్క టీ కూడా తాగలేదు. మరి షుగర్ 140 ఎలా వచ్చింది?" ఆ చక్కెర రాత్రి తిన్న అన్నంలోంచి వచ్చినది కాదు. చాలావరకు కాలేయం రాత్రంతా రక్తంలోకి వదిలినదే. అలా వదలడం జబ్బు కాదు. అది ఆగిపోతే మనం తెల్లవారేదాకా నిద్రపోలేం.

ఆరోగ్యంగా ఉన్న 60 కిలోల మనిషిని తీసుకుందాం. అతని రక్తమంతటిలో ఉండే గ్లూకోజు నాలుగైదు గ్రాములు, అంటే ఒక టీస్పూను. మెదడొక్కటే గంటకు దాదాపు 5 గ్రాములు ఖర్చు చేస్తుంది. ఎర్ర రక్తకణాలకైతే గ్లూకోజు తప్ప వేరే ఇంధనం పనికిరాదు. ఖర్చయినంతా ఎప్పటికప్పుడు పూడకపోతే ఆ స్పూనుడు ఎంతోసేపు నిలవదు.

రాత్రి భోజనంలో అన్నం, సాంబారు, పెరుగు కలిపి 70 గ్రాముల పిండిపదార్థం తిన్నాడనుకోండి. అది గ్లూకోజుగా మారి రక్తంలో చేరుతుంటే క్లోమంలోని బీటా కణాలు పసిగట్టి ఇన్సులిన్ వదులుతాయి. క్లోమం నుంచి బయల్దేరిన రక్తం ముందు కాలేయానికే వెళ్తుంది కాబట్టి ఇన్సులిన్ మాట మొదట వినేది కాలేయమే. అది గ్లూకోజును గ్లైకోజెన్‌గా మార్చి దాచుకుంటుంది, బయటికి వదలడం తగ్గిస్తుంది. కండరాలు, కొవ్వు కణాలు కూడా ఇన్సులిన్ అందాకే గ్లూకోజును బాగా లోపలికి తీసుకుంటాయి. మెదడుకు మాత్రం ఇన్సులిన్ సాయం అక్కర్లేదు. అది ఎప్పుడైనా తీసుకోగలదు.

అర్ధరాత్రి దాటేసరికి భోజనం అరిగిపోతుంది. రక్తంలో గ్లూకోజు కాస్త దిగగానే ఇన్సులిన్ తగ్గుతుంది, బీటా కణాల పక్కనే ఉన్న ఆల్ఫా కణాల నుంచి వచ్చే గ్లూకగాన్‌దే పైచేయి అవుతుంది. గ్లూకగాన్ పని ప్రధానంగా కాలేయంతోనే. దాచిన గ్లైకోజెన్‌ను విడగొట్టి రక్తంలోకి వదిలిస్తుంది. మన మనిషి కాలేయం గంటకు సుమారు 7 గ్రాములు వదులుతుంది. కానీ దాని నిల్వ మొత్తం వంద గ్రాముల లోపే. అందుకే కాలేయం ఇంకో పని కూడా చేస్తుంటుంది. కండరాల నుంచి వచ్చే లాక్టేట్, అమైనో ఆమ్లాలు, కొవ్వు కరిగితే వచ్చే గ్లిసరాల్‌లతో కొత్తగా గ్లూకోజు తయారుచేస్తుంది. తెల్లవారేసరికి వదిలేదాంట్లో దాదాపు సగం ఇలా తయారైనదే. కండరాల్లో కాలేయంకన్నా ఎక్కువ గ్లైకోజెన్ ఉన్నా, దాన్ని గ్లూకోజుగా మార్చి రక్తంలోకి పంపే ఎంజైము వాటికి లేదు. వాటి నిల్వ వాటికే.

ఇంతసేపూ ఇన్సులిన్ పూర్తిగా మాయం కాదు. కొద్దికొద్దిగా వస్తూ కాలేయానికి బ్రేకులా పనిచేస్తుంది. అందుకే పొద్దున ఏడింటికి అతని షుగర్ 90 దగ్గరే ఉంటుంది.

టైప్ 2 మధుమేహంలో దెబ్బతినేది ఆ బ్రేకే. కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు. గ్లూకగాన్ కూడా తగ్గాల్సినంత తగ్గదు. రక్తంలో చాలినంత గ్లూకోజు ఉన్నా కాలేయం ఇంకా వదులుతూనే ఉంటుంది. తెల్లవారుజామున పెరిగే కార్టిసాల్ లాంటి హార్మోన్లు దానికి తోడవుతాయి. పరగడుపు 140 అలా వస్తుంది. రాత్రి భోజనం మానేసినంత మాత్రాన అది దిగుతుందని చెప్పలేం. మెట్‌ఫార్మిన్ మాత్ర ముఖ్యంగా చేసేది కాలేయం వదిలే ఈ గ్లూకోజును తగ్గించడమే. పరగడుపున 100 లోపు మామూలు, 126 ఆపైన మధుమేహం. అయితే లక్షణాలేవీ లేనప్పుడు ఒక్క పరీక్షతో తేల్చకుండా ఇంకోసారి చేయించి చూస్తారు.

ఇన్సులిన్ ఇంజెక్షనో, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రో వాడేవాళ్లకు దీనికి తలకిందుల ప్రమాదం ఉంది. మామూలుగా షుగర్ దిగితే ఇన్సులిన్ దానంతటదే తగ్గుతుంది. ఇంజెక్షన్‌తో ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్ అలా తగ్గదు. గ్లిమిపిరైడ్ అయితే షుగర్ దిగినా క్లోమం చేత ఇన్సులిన్ వదిలిస్తూనే ఉంటుంది. ఆ పూట అన్నం మానేస్తే 70 కిందికి పడిపోవచ్చు. చెమటలు పట్టడం, చేతులు వణకడం, గుండె దడ, విపరీతమైన ఆకలి, మాట తడబడటం దాని గుర్తులు. స్పృహలో ఉంటే మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి, పావుగంట ఆగి మళ్లీ చూడాలి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

అలాంటి వేళ ఇచ్చే గ్లూకగాన్ ఇంజెక్షన్‌కూ ఒక హద్దుంది. అది గ్లూకోజును ఇవ్వదు, కాలేయం చేత ఇప్పిస్తుంది. రోజంతా ఏమీ తినక నిల్వ అడుగంటినవాళ్లలో అది అంతగా పనిచేయదు. ఖాళీ కడుపున మద్యం తాగితే కాలేయం కొత్తగా గ్లూకోజు తయారుచేయడం కూడా మందగిస్తుంది. అందుకే ఈ మందులు వాడేవాళ్లు తిండి మానేసి మద్యం తాగడం ప్రాణాపాయం. అలా పడిపోయినవాళ్లకు నరంలోకి గ్లూకోజే ఎక్కించాలి.