త్రిలోకాలె, టురిన్‌లో, 1,80,000 యూరోలు

టురిన్ నగరంలో ఒక పాత ఫ్లాటు అమ్మకానికి వచ్చింది, ప్రకటన ఇలా ఉందనుకుందాం: "త్రిలోకాలె, 90 చదరపు మీటర్లు, మూడో అంతస్తు, లిఫ్టు ఉంది, సెంట్రల్ హీటింగ్. స్పేసె కొండోమినియాలి నెలకు 150 యూరోలు. లిబెరో అల్ రోజితో. ధర 1,80,000 యూరోలు." ఇది నమూనా కోసం నేను రాసినదే. కానీ ఇటలీలో ఇళ్ల ప్రకటనలు చాలావరకు ఈ అచ్చులోనే ఉంటాయి.

ఇంగ్లిష్ తప్ప ఇటాలియన్ రానివాళ్లు నిఘంటువు పక్కన పెట్టుకుని దీన్ని చదివితే మాటలన్నీ అర్థమవుతాయి. అయినా ఆ ఇల్లు చివరికి ఎంతకు పడుతుందో, ఏ సంతకంతో తాము కట్టుబడిపోతారో తెలియదు. ఆ సంగతులు ఆ మాటల వెనక ఉన్న ఇటలీ పద్ధతుల్లో ఉన్నాయి.

గదుల లెక్క సులువైనదే. లండన్‌లోనైనా హైదరాబాద్‌లోనైనా మనం బెడ్‌రూమ్‌లను లెక్కపెడతాం. ఇటలీలో హాలును కూడా కలిపి లెక్కపెడతారు, వంటగదినీ బాత్‌రూమ్‌నూ వదిలేస్తారు. కాబట్టి త్రిలోకాలె అంటే ఒక హాలు, రెండు బెడ్‌రూమ్‌లు, అంటే మన టూ బీహెచ్‌కే. మూడు బెడ్‌రూమ్‌లు కావాలంటే క్వాద్రిలోకాలె వెతకాలి. "అంగోలొ కొత్తూరా" అని కనిపిస్తే వంటకు వేరే గది లేదని, హాల్లోనే ఒక మూల పొయ్యి ఉంటుందని అర్థం.

90 చదరపు మీటర్లు అన్నదాన్ని మనవాళ్లు తేలిగ్గానే పట్టుకుంటారు. ప్రకటనల్లో సాధారణంగా వేసేది వాణిజ్య విస్తీర్ణం. మన సూపర్ బిల్టప్ ఏరియాలాగే ఇందులోనూ గోడల మందం కలుస్తుంది. బాల్కనీ, నేలమాళిగలోని సామాన్ల గది కూడా కొంత వాటా మేర కలుస్తాయి. మన ఫ్లాటులో గోడలతో కలిపి లోపల 84 మీటర్లు, మూడో వంతు లెక్కన 12 మీటర్ల బాల్కనీకి 4, నాలుగో వంతు లెక్కన 8 మీటర్ల సామాన్ల గదికి 2 వేస్తే 90 అవుతుంది. గోడలు తీసేస్తే నిజంగా నడిచే చోటు 74 దగ్గర తేలవచ్చు. ఆ అంకె కావాలంటే "కాల్పెస్తాబిలె" ఎంత అని అడగాలి.

ఇక నెలకు 150 యూరోల సంగతి. స్పేసె కొండోమినియాలి అంటే మెయింటెనెన్స్. మెట్ల శుభ్రత, లిఫ్టు, ఉమ్మడి దీపాలు, బిల్డింగ్ ఇన్సూరెన్స్, లెక్కలు చూసే అడ్మినిస్ట్రేటర్ జీతం అందులో ఉంటాయి. ఈ ఖర్చులో ఎక్కువ భాగాన్ని ఫ్లాటుకు రాసిపెట్టిన వాటా ప్రకారం పంచుతారు. మొత్తం బిల్డింగ్‌ను వెయ్యి భాగాలుగా లెక్కగట్టి ఒక్కో ఫ్లాటుకు ఇన్ని అని ఇస్తారు, వాటిని మిల్లేసిమి అంటారు.

ఈ అంకెను చూడగానే అడగాల్సిన మొదటి ప్రశ్న, హీటింగ్ ఇందులో ఉందా అని. టురిన్ చలికాలంలో అది చిన్న ఖర్చు కాదు. బిల్డింగ్ అంతటికీ ఒకే బాయిలర్ ఉన్నచోట కొందరు హీటింగ్‌ను కలిపి చెబుతారు, కొందరు తీసేసి చెబుతారు. ఏజెంటు నోటిమాటతో సరిపెట్టుకోకుండా కిందటి ఏడాది ఖర్చుల పట్టీ చూపించమంటే ఆ ఫ్లాటు నిజంగా ఎంత కట్టిందో తెలుస్తుంది.

రెండో ప్రశ్న దీనికంటే ముఖ్యం. ఆ 150లో ఉండేవి మామూలు ఖర్చులు మాత్రమే. బిల్డింగ్ ముందుగోడ బాగుచేయించడం, పైకప్పు మార్చడం లాంటివి అసాధారణ ఖర్చుల కింద వేరే వస్తాయి, అవి ప్రకటనలో కనిపించవు. ముందుగోడకు 2,00,000 యూరోలు పెట్టాలని యజమానుల సభ తీర్మానించిందనుకోండి. మన ఫ్లాటుకు 40 మిల్లేసిమి ఉంటే వాటా 8,000 యూరోలు. వేరే ఒప్పందం లేకపోతే, తీర్మానం జరిగిన రోజు ఎవరు యజమానిగా ఉన్నారో వారే దాన్ని భరించాలని అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. అయితే అది అమ్మినవారికీ కొన్నవారికీ మధ్య లెక్క. బిల్డింగ్‌కు బాకీ ఉన్నప్పుడు మాత్రం నడుస్తున్న ఏడాదివీ, దాని ముందరి ఏడాదివీ కొత్త యజమాని దగ్గర కూడా వసూలు చేసుకోవచ్చని చట్టమే ఉంది. అందుకే గత రెండు మూడేళ్ల సభల మినిట్స్ చదివించుకోవాలి. బాకీలేమీ లేవని అడ్మినిస్ట్రేటర్ సంతకం చేసిన కాగితం కూడా తీసుకోవాలి. ఈ రెండూ ఇవ్వడానికి అమ్మేవాళ్లు వెనకాడుతున్నారంటే నేనైతే ఆ ఇంటి విషయంలో ముందుకు వెళ్లను.

చివరి మాట, లిబెరో అల్ రోజితో. రోజితో అంటే నోటరీ ఎదుట జరిగే రిజిస్ట్రేషన్. ఇటలీలో నోటరీ ముద్ర వేసి పంపించే మనిషి కాదు, ప్రభుత్వాధికారి హోదా ఉన్న న్యాయనిపుణుడు. ఇల్లు ఎవరిది, దాని మీద తాకట్టు ఉందా అన్నది ఆయనే చూస్తారు. ఆయన ఫీజు మామూలుగా కొనేవారే కడతారు కాబట్టి ఎంపిక కూడా వారిదే. ఆ రోజుకు ఇల్లు ఖాళీ చేసి ఇస్తామన్నదే ఈ మాటకు అర్థం, ఇప్పుడు ఖాళీగా ఉందని కాదు. దీనికి బదులు "అ రెద్దితొ" అని ఉంటే లోపల అద్దెకున్నవాళ్లు ఉన్నారన్నమాట. చుట్టుపక్కల ధరలకంటే మరీ తక్కువకు కనిపిస్తే "నూదా ప్రొప్రియెతా" అనే మాట ఎక్కడైనా ఉందేమో వెతకాలి. అలాంటి ఇల్లు కొన్నా, అనుభవ హక్కు ఉన్న పెద్దాయనో పెద్దావిడో బతికున్నన్నాళ్లూ అందులో వాళ్లదే నివాసం.

ఇంటి హక్కు చేతికి వచ్చేది రోజితో నాడే. డబ్బు చిక్కుకునేది మాత్రం అంతకు చాలా ముందు. ఏజెంటు ఆఫీసులో కొనుగోలు ప్రతిపాదన అనే ఫారం నింపిస్తారు. ఇంగ్లండ్‌లో బేరం కుదిరినా ఒప్పంద పత్రాలు మార్చుకునేదాకా ఎవరైనా వెనక్కి తగ్గవచ్చు. ఆ అలవాటుతో ఇక్కడ సంతకం పెడితే కష్టం. గడువులోపు అమ్మేవారు ఒప్పుకుని, ఆ సంగతి కొనేవారికి తెలియజేస్తే చాలు, ఇద్దరూ కట్టుబడినట్టే. తర్వాత బయానా కడతారు, దాన్ని కపార్రా అంటారు. కొనేవారు మాట తప్పితే అది పోతుంది, అమ్మేవారు తప్పితే రెట్టింపు ఇవ్వాలి.

మన ఫ్లాటుకు పది శాతం, అంటే 18,000 యూరోలు బయానాగా ఇచ్చాక బ్యాంకు లోను ఇవ్వనందనుకోండి. ఆ సొమ్ము పోవచ్చు. బేరం కుదిరిందన్న లెక్కన ఏజెంటు కమిషన్ కూడా కట్టాల్సి వస్తుంది. మూడు శాతమైతే 5,400, దాని మీద 22 శాతం పన్నుతో 6,588 యూరోలు. ఇది జరగకుండా ఆపేది ఫారంలో ఒకే ఒక్క వాక్యం, లోను మంజూరైతేనే ఈ ప్రతిపాదన చెల్లుతుందని. అది లేని కాగితం మీద లోను తీసుకునేవాళ్లెవరూ సంతకం పెట్టకూడదు.

పన్ను దగ్గర మాత్రం కొంత ఊరట ఉంది. ప్రైవేటు వ్యక్తి దగ్గర సొంతానికి ఇల్లు కొనేవారు నోటరీని కోరితే, కొన్న ధర మీద కాకుండా ప్రభుత్వ రికార్డు విలువ మీద పన్ను కట్టవచ్చు. రికార్డులో ఏటా ఆదాయం 700 యూరోలని ఉంటే, ఉండటానికి కొనే తొలి ఇంటికి దాన్ని 115.5తో హెచ్చించాలి. 80,850 మీద 2 శాతం, 1,617 యూరోలు. 18 నెలల్లోపు ఆ ఊరికి నివాసం మార్చుకోకపోతే ఈ రాయితీ నిలవదు. సెలవుల్లో ఉండటానికైతే 126తో హెచ్చించి 9 శాతం, అంటే 7,938. రెండింటికీ మరో 100 యూరోలు కలుస్తాయి.

కొనేవారికి ఇటాలియన్ రాకపోతే దస్తావేజు వారికి అర్థమయ్యే భాషలో కూడా ఉండాలని, ఆ భాష నోటరీకి రాకపోతే దుబాసీని పెట్టాలని 1913 నాటి నోటరీ చట్టం చెబుతోంది. ప్రతిపాదన ఫారానికి ఆ నియమం లేదు. అన్నిటికంటే ముందు కట్టిపడేసే కాగితం అదే కాబట్టి, దాన్ని ఇంటికి తెచ్చుకుని, అనువాదం చేయించుకుని, లోను వాక్యం ఉందో లేదో చూసుకున్నాకే సంతకం పెట్టాలి.