భిన్నాల పీరియడ్: అపోహలు – వాస్తవాలు

చిల్పూర్ లాంటి పల్లె మండలంలో పొలం లెక్క గుంటల్లో నడుస్తుంది. ఎకరానికి 40 గుంటలు, అర ఎకరం 20, పావు ఎకరం 10. ఇంట్లో ఈ మాటలు వింటూ పెరిగిన నాలుగో తరగతి పిల్లల్లోనూ కొందరు బడిలో 1/4 కన్నా 1/5 పెద్దదంటారు. అన్ని స్థాయిల పిల్లలూ కలిసి కూర్చునే తరగతిలో, 40 నిమిషాల్లో ఈ ఒక్క చిక్కు విప్పేలా పాఠం అల్లుకోవచ్చు. దానికి అడ్డొచ్చే అపోహలు నాలుగు.

అపోహ 1: లవం, హారం నిర్వచనాలతోనే పాఠం మొదలుపెట్టాలి.

వాస్తవం: మొదటి 7 నిమిషాలు చేతులకు పని ఇవ్వాలి. 20 సెంటీమీటర్ల కాగితం పట్టీ ఒక్కొక్కరికి ఇచ్చి, "ఇది ఒక ఎకరం" అనాలి. సెంటీమీటరుకు రెండు గుంటలన్నమాట. పట్టీని మడిచి అర ఎకరం, మళ్లీ మడిచి పావు ఎకరం చూపించమనాలి. ఆ తర్వాత టీచరు ఒక పట్టీని కావాలనే హెచ్చుతగ్గులుగా నాలుగు ముక్కలు చేసి, ఒకటి ఎత్తిపట్టి "ఇది పావేనా?" అని అడగాలి. భాగాలు సమానంగా ఉండాలన్న మాట పిల్లల వాదన నుంచే బయటికొస్తుంది. లవం, హారం అనే పేర్లు అప్పుడు చెబితే అతుక్కుంటాయి.

అపోహ 2: కింది అంకె పెద్దదైతే భాగం చిన్నదన్న సూత్రం బట్టీ పట్టిస్తే సరిపోతుంది.

వాస్తవం: ఆ సూత్రం 1/4, 1/5 దగ్గర పనిచేస్తుంది, 3/5, 1/4 దగ్గర బోల్తా కొట్టిస్తుంది. అందుకే తర్వాతి 10 నిమిషాలు పోల్చి చూపాలి. 4 సెంటీమీటర్లకో గీత చొప్పున ముందే గీసి ఉంచిన రెండో పట్టీని మొదటి దాని కింద పెట్టాలి. పావు ఎకరం 5 సెంటీమీటర్లు, 10 గుంటలు. ఐదో వంతు 4 సెంటీమీటర్లు, 8 గుంటలు. అదే ఎకరాన్ని ఎక్కువ మంది పంచుకుంటే ఒక్కొక్కరి వాటా తగ్గిందని కంటికి కనిపిస్తుంది. ఇక్కడ "అదే ఎకరం" అన్నది కీలకం. రెండెకరాల్లో పావు, ఒక ఎకరంలో సగం, రెండూ 20 గుంటలే. మొత్తం మారితే పోలిక చెల్లదు.

అపోహ 3: మూడు స్థాయిలుంటే మూడు పాఠాలు చెప్పాలి.

వాస్తవం: ఒక్క టీచరుకు అది సాధ్యమయ్యే పని కాదు. పాఠం ఒకటే ఉంచి పనిలో లోతు మార్చాలి. సాధనకు 15 నిమిషాలు. మొదటి జట్టు పట్టీలు మడిచి సగం, పావు, పావులో సగం వరుసగా పేర్చుతుంది. రెండో జట్టు 1/4, 1/5, 1/8 వాటాలు గుంటల్లో రాసి పెద్దది తేలుస్తుంది. మూడో జట్టు 3/4, 3/5 ఎకరాలను పోలుస్తుంది. 30, 24 గుంటలని తేల్చడంతో ఆగకుండా, కారణం ఒక వాక్యంలో రాయాలి. టీచరు ఎక్కువసేపు మొదటి జట్టు దగ్గరే కూర్చోవాలి. జట్లు శాశ్వతం కాకూడదు. ఇవాళ మడతల దగ్గర ఆగినవాడు రేపు గుంటల లెక్కలో ముందుండొచ్చు.

అపోహ 4: "అర్థమైందా?" అంటే "అర్థమైంది సార్" అన్నారు కాబట్టి పాఠం అందింది.

వాస్తవం: పది గొంతులు కలిస్తే రాని గొంతు వినపడదు. చివరి 8 నిమిషాల్లో ఒక్కొక్కరూ చీటీ మీద మూడు జవాబులు రాయాలి. ఒకటి, అసమానంగా నాలుగు ముక్కలైన బొమ్మలో రంగు వేసిన ముక్క 1/4 అవునా, కాదా, ఎందుకు? రెండు, 1/6, 1/10లలో ఏది పెద్దది? బొమ్మ గీసి చూపించు. సాధనలో లేని అంకెలు కాబట్టి గుర్తుపెట్టుకుని రాయడం కుదరదు, బొమ్మ అడిగాం కాబట్టి గుడ్డిగా ఊహించి తప్పించుకోవడమూ కుదరదు. మూడు, ఐదు సమాన గళ్లలో రెండింటికి రంగు ఉంటే ఎంత భాగం?

మార్కులు వేయనక్కర్లేదు. తప్పు ఏ రకమో చూడాలి. 1/10 పెద్దదన్న పిల్లవాడు భిన్నాన్ని ఇంకా మామూలు అంకెగానే చదువుతున్నాడు. 2/3 అని రాసిన పిల్ల రంగున్న గళ్లను మొత్తంతో కాక, రంగు లేని మూడింటితో పోల్చింది. మొదటివాడికి పట్టీలు మళ్లీ పక్కపక్కన పెట్టించాలి, రెండో పిల్లకు ముందు మొత్తం గళ్లు లెక్కపెట్టించాలి. చీటీలను తప్పుల వారీగా విడదీసుకుంటే రేపటి మొదటి 7 నిమిషాల్లో ఏం చేయించాలో, ఎవరిని ఏ జట్టులో కూర్చోబెట్టాలో తేలిపోతుంది.