చిన్న వాల్వు, ఆగిపోయిన టయోటా

1997 ఫిబ్రవరి 1, శనివారం తెల్లవారుజామున జపాన్‌లోని కరియాలో ఐసిన్ సేకి కంపెనీ ఫ్యాక్టరీ ఒకటి తగలబడింది. అక్కడ పీ-వాల్వులు తయారయ్యేవి. బ్రేకు వేసినప్పుడు వెనక చక్రాల మీద పడే ఒత్తిడిని అదుపు చేసి, కారు జారకుండా చూసే చిన్న భాగం అది. ఖరీదైనదేమీ కాదు. కానీ అప్పట్లో టయోటా వాడిన పీ-వాల్వుల్లో నూటికి 99 ఐసిన్‌వే.

టయోటా గోదాముల్లో వాటి నిల్వ పెద్దగా లేదు. ఉండకూడదన్నదే ఆ కంపెనీ పద్ధతి. తైచి ఓనో రూపుదిద్దిన ఈ విధానంలో సరుకు ముందుగా కొని పేర్చుకోరు. ఒక డబ్బాలోని భాగాలు వాడేయగానే దాని మీది కాన్‌బాన్ కార్డు వెనక్కి వెళ్తుంది, ఆ కార్డు మీద ఉన్నంతే మళ్లీ వస్తుంది. దీన్నే జస్ట్ ఇన్ టైమ్ అంటారు. డబ్బు సరుకులో ఇరుక్కోదు, గోదాము అద్దె ఉండదు. ఒక భాగంలో లోపముంటే వేల కొద్దీ పోగుపడకముందే బయటపడుతుంది. ఈ లాభాలు నిజమైనవే. కానీ నిల్వ లేదంటే, ఆలస్యాన్ని భరించే గడువూ లేదన్నమాట.

రెండు మూడు రోజుల్లోనే టయోటా అసెంబ్లీ లైన్లు వరసగా ఆగిపోయాయి. కారులోని మిగతా వేల భాగాలూ సిద్ధంగానే ఉన్నాయి. కానీ ఆ భాగాలు చేసే కంపెనీలు కూడా పని ఆపుకోవలసి వచ్చింది, ఎందుకంటే కాన్‌బాన్ కార్డు రానిదే వాళ్లు తయారు చేయరు.

వేరేచోట చేయించడం తేలికేం కాదు. పీ-వాల్వులో రంధ్రాలను ఎంతో కచ్చితంగా తొలవాలి. అందుకోసమే చేయించుకున్న యంత్రాలు, డ్రిల్లులు మంటల్లో పోయాయి. ఐసిన్ తన డ్రాయింగులను అడిగినవాళ్లందరికీ ఇచ్చేసింది. అరవైకి పైగా కంపెనీలు మామూలు యంత్రాల మీద, నెమ్మదిగానైనా, వాల్వులు చేయడం మొదలుపెట్టాయి. కుట్టుమిషన్లకు పేరుపడ్డ బ్రదర్ కూడా చేయి వేసింది. దాదాపు వారంలో లైన్లు మళ్లీ కదిలాయి. అప్పటికి సుమారు 70,000 కార్ల ఉత్పత్తి ఆగిపోయింది. పాత బంధాలు బలంగా ఉండబట్టి వారంతో గండం గడిచింది కానీ, ఆ అదృష్టం ప్రతి కంపెనీకీ ఉండదు.

ఏ భాగం ప్రమాదకరమో దాని ధర చెప్పదు. రెండు గడువులు పక్కపక్కన పెట్టి చూడాలి: చేతిలో ఉన్న నిల్వ ఎన్నాళ్లు వస్తుంది, సరఫరాదారు పడిపోతే మరోచోట తయారీకి ఎన్నాళ్లు పడుతుంది. మొదటిది గంటల్లో, రెండోది నెలల్లో ఉంటే ప్రమాదం అక్కడే ఉంది. సాదా బోల్టుకు నిల్వ అక్కర్లేదు, పది మంది చేస్తారు. చిప్ సంగతి వేరు. 2011 భూకంపానికి రెనెసాస్ చిప్‌ల ఫ్యాక్టరీ నెలల తరబడి మూతబడ్డాక టయోటాకు ఇది తెలిసివచ్చింది. ఆ తర్వాత సరఫరాదారులను 2 నుంచి 6 నెలలకు సరిపడా చిప్‌లు నిల్వ ఉంచమంది. జస్ట్ ఇన్ టైమ్‌ను మాత్రం వదిలిపెట్టలేదు.