బలి చక్రవర్తి మాటలు మన మాటల్లో

తెలంగాణ పదో తరగతి తెలుగు వాచకంలో ‘దానశీలము’ అనే పాఠం ఉంది. పోతన రాసిన భాగవతం ఎనిమిదో స్కంధంలోని వామన చరిత్ర నుంచి తీసుకున్నది. కథ పిల్లలకు ముందే తెలుసు. అయినా పద్యం దగ్గరికి వచ్చేసరికి ఆగిపోతారు. చాలామంది కష్టమైన మాట కింద పెన్సిలుతో అర్థం రాసుకుని, ఆ అర్థాలన్నీ వరుసగా చదివి భావం వచ్చేసిందనుకుంటారు. అలా చదివితే వాక్యం మాత్రం కుదరదు.

దీనికి మొదటి కారణం సమాసాలు. బలి తన గురువు శుక్రాచార్యుడితో మాట్లాడే చోట ‘అంసోత్తరీయం’ అనే మాట వస్తుంది. దీన్ని అంస, ఉత్తరీయం అని విడదీయాలి. అంసం అంటే భుజం. దీన్ని ‘అంశం’గా చదివి ‘విషయం’ అని రాసే పిల్లలు ఉంటారు. ‘స’ స్థానంలో ‘శ’ పెడితే అర్థమే మారిపోతుంది. భుజం మీది పైబట్ట అన్నది సరైన అర్థం. అక్కడే ‘పాదాబ్జం’ కూడా ఉంది. అప్పు అంటే సంస్కృతంలో నీరు, అబ్జం అంటే నీటిలో పుట్టింది, అంటే తామర. సమాసంలో తామర రెండో మాటే అయినా ఇక్కడ అసలు వస్తువు పాదం. కాబట్టి ‘తామరల వంటి పాదాలు’ అని చెప్పుకోవాలి.

రెండో కారణం, ఈనాడు వేరే అర్థంలో వాడుతున్న మాటలు. ఇవి తెలిసినట్టే కనిపిస్తాయి కాబట్టి నిఘంటువు తెరవాలని కూడా అనిపించదు. కరం అంటే పేపర్లలో పన్ను, పద్యంలో చేయి. కులాంతం అనగానే కులం గుర్తొస్తుంది. పోతన చెప్పింది వంశం అంతరించడం గురించి. నిబంధం చూసి నిబంధన అనుకుంటారు. ఇక్కడ దాని అర్థం కట్టివేత, బందీ కావడం. ఆ అర్థమే సరైనదని కథే చెబుతుంది, ఎందుకంటే తర్వాత బలిని వరుణపాశాలతో కట్టేస్తారు. ధరణీ నిర్మూలనం అంటే భూగోళం నాశనం కావడం కాదు. రాజ్యం పోవడమన్న అర్థంలో తీసుకుంటేనే బలి మాటకు పొసగుతుంది. నిరయం మాత్రం పూర్తిగా కొత్త మాట, నరకం అని అర్థం.

మాటలు తేలాక వాటిని మాట్లాడే వరుసలోకి తెచ్చుకోవాలి. పద్యంలో ఛందస్సు కోసం క్రియ ఎక్కడైనా ఉండవచ్చు. ఎవరు, ఎవరితో, ఏం చేశారని అడుగుతూ పోతే వాక్యం నిలబడుతుంది. ప్రతిపదార్థం పని ఇక్కడితో అయిపోతుంది. సారాంశం రాయాలంటే ఆ మనిషి అలా ఎందుకన్నాడో కూడా తేలాలి. పాఠం మొత్తాన్ని వాడుక మాటల్లో ఇలా చెప్పుకోవచ్చు:

పొట్టి బ్రహ్మచారి ఒకడు వచ్చి బలిని మూడడుగుల నేల అడిగాడు. ఇస్తానని బలి మాటిచ్చాడు. వచ్చినవాడు విష్ణువని శుక్రుడు గుర్తుపట్టాడు. “ఇస్తే నీకేమీ మిగలదు. ప్రాణానికీ ఆస్తికీ ముప్పు వచ్చినప్పుడు అబద్ధమాడినా తప్పు లేదు” అన్నాడు. బలి ఒప్పుకోలేదు. “నాకు ముందు ఎందరో రాజులున్నారు. పోయేటప్పుడు ఎవరైనా సంపద మూటగట్టుకుపోయారా? వాళ్లందరినీ మరచిపోయాం, దానం చేసిన శిబి లాంటివాళ్లనే తలచుకుంటున్నాం. లక్ష్మీదేవిని తాకిన చెయ్యి ఈ రోజు నా చేతి కింద ఉంటుంది, నాది పైన ఉంటుంది. ఇంతకన్నా ఏం కావాలి? నరకమే రానీ, రాజ్యమే పోనీ, అన్నమాట మాత్రం తప్పను” అన్నాడు. భార్య వింధ్యావళి నీళ్లు తెచ్చి పోస్తుంటే వామనుడి కాళ్లు కడిగి, దానం ధారపోశాడు.

ఈ సారాంశంలో బలి చెప్పిన కారణాలు మూడూ ఉన్నాయి: సంపద వెంట రాదు, దాతల పేరు నిలుస్తుంది, విష్ణువు చెయ్యే కింద ఉంటుంది. వీటిని వదిలేసి ‘బలి గొప్ప దాత’ అని రాస్తే కథ మిగులుతుంది, పాఠం పోతుంది. శుక్రుడి వాదనను కూడా తగ్గించి చెప్పకూడదు. ఆయన అబద్ధానికి శాస్త్రం మినహాయింపు ఉందని చూపిస్తున్నాడు. ఆ మినహాయింపు చేతిలో ఉండి కూడా బలి వాడుకోలేదు.

అయితే సారాంశంలోకి రానిది ఒకటుంది. లక్ష్మీదేవి కొప్పుతో మొదలుపెట్టి ఒక్కొక్క చోటూ పేర్కొంటూ పోతన ఆ చేతి వైభవాన్ని పెంచుకుంటూ పోతాడు. ఎంత గొప్ప చెయ్యో అంతగా చూపించాక, అది చాచి ఉందంటాడు. మన వాక్యం ఆ సంగతిని ఒక్క ముక్కలో చెప్పేసింది. అందుకే సారాంశం అర్థమయ్యాక మళ్లీ పద్యాన్ని పైకి చదవాలి. అంసం అంటే ఏమిటో, కరం అంటే ఏమిటో తెలిసిన పిల్లలకు ఈసారి ఆ చెయ్యి కనిపిస్తుంది.