స్కాన్ రిపోర్టులో కాన్పు తేదీ ఎందుకు మారుతుంది?

బూర్గంపాడు వైపు ఎనిమిదో నెల గర్భిణి చేతిలో రెండు రిపోర్టులు ఉన్నాయనుకుందాం. జనవరి 21న తీసిన మొదటి స్కాన్‌లో కాన్పు తేదీ ఆగస్టు 12. జులై 1న తీసిన రెండోదాంట్లో ఆగస్టు 16. పైగా తల కొలత పక్కన 32 వారాలని ఉంది. తన లెక్కకు 34 నిండాయి. బిడ్డ రెండు వారాలు వెనకబడిందా? ఏ తేదీని నమ్మాలి?

ఇక్కడ ఈ ప్రశ్నకు బరువెక్కువ. జులై, ఆగస్టుల్లో గోదావరి పొంగుతుంది. భద్రాచలం ఆసుపత్రికి వెళ్లాలంటే సారపాక దగ్గర వంతెన దాటాలి. 2022 జులైలో భద్రాచలం దగ్గర నీటిమట్టం 71 అడుగులు దాటినప్పుడు ఆ వంతెన మీద రాకపోకలే ఆపేశారు. ఎప్పుడు ఏరు దాటాలో చెప్పేది కాన్పు తేదీయే.

నమ్మాల్సింది మొదటి స్కాన్‌ని. మూడో నెలలో బిడ్డ తల నుంచి పిర్రల దాకా ఉండే పొడవును కొలుస్తారు. దాన్నే సీఆర్ఎల్ అంటారు. ఆ వయసులో బిడ్డలందరూ దాదాపు ఒకే తీరున పెరుగుతారు. ఈమె బిడ్డ 42 మిల్లీమీటర్లు, అంటే 11 వారాలు. తేడా వచ్చినా వారం లోపే. చివరి నెలసరి నవంబరు 5 కాబట్టి ఆ లెక్కా సరిపోయింది. అలా ఖాయమైన తేదీని తర్వాతి స్కాన్లను బట్టి మార్చకూడదు.

ఎందుకంటే ఎనిమిదో నెలకు వచ్చేసరికి ఒక్కో బిడ్డది ఒక్కో సైజు. స్కాన్ మిషన్‌కు బిడ్డ వయసు తెలియదు. కొలత తీసుకుని, సగటున ఏ వయసు బిడ్డకు ఆ కొలత ఉంటుందో పట్టికలో వెతికి ఆ వారాలను అచ్చు వేస్తుంది. అంగన్‌వాడీలో పిల్ల ఎత్తు చూసి పుట్టినరోజు చెప్పడం లాంటిదే ఇది. ఈ దశలో ఆ అంచనా మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. నాలుగు రోజుల తేడా అసలు తేడాయే కాదు.

మరి ఆ 32 వారాల తల సంగతి? రిపోర్టులో బీపీడీ అని రాసేది తల అడ్డకొలత, అంటే ఈ పక్క నుంచి ఆ పక్కకు. ఈ బిడ్డది 80 మిల్లీమీటర్లు. అదే కాగితంలో కింద 'బ్రీచ్' అని ఉంది, అంటే తల పైకి, పిర్రలు కిందికి ఉన్నాయి. అలా కూర్చున్న బిడ్డ తల పక్కల నుంచి కాస్త నొక్కుకుని కోలగా సాగుతుంది. ముందు వెనకల కొలత 114. అడ్డకొలత దాంట్లో 70 శాతమే, మామూలుగా 80 దగ్గర ఉంటుంది. అందుకే తల చుట్టుకొలత, అంటే హెచ్‌సీ చూడాలి. అది 305, సరిగ్గా 34 వారాలకు ఉండాల్సినంత. తల చిన్నది కాదు, ఆకారమే కోల.

తొడ ఎముక, ఎఫ్ఎల్, 65 మిల్లీమీటర్లు, 33 వారాల పైచిలుకు. ప్రోబ్ కాస్త వాలుగా పడినా ఎముక పొట్టిగా కనిపిస్తుంది. అమ్మానాన్నలు పొట్టివాళ్లయితే బిడ్డదీ కాస్త తక్కువుండొచ్చు.

నేనైతే ముందు పొట్ట చుట్టుకొలత చూస్తాను, రిపోర్టులో ఏసీ. బిడ్డకు మాయ నుంచి పోషణ తగ్గితే ముందు కాలేయంలో నిల్వ తగ్గి పొట్ట సన్నబడుతుంది, తల పెరుగుదల మాత్రం కొన్నాళ్లు ఆగదు. ఈమె బిడ్డకు ఏసీ 300, అంటే 34 వారాలదే. అది బాగా వెనకబడి ఉంటే డాప్లర్ స్కాన్‌తో రక్తప్రసరణ చూడాల్సి వచ్చేది. పెరుగుదల కోసం మళ్లీ కొలవాలంటే కనీసం రెండు మూడు వారాలు ఆగాలి. వారంలో బిడ్డ పెరిగేదానికంటే కొలతలో వచ్చే పొరపాటే ఎక్కువ.

చివరగా ఉమ్మనీరు, ఏఎఫ్ఐ. పొట్టను నాలుగు భాగాలుగా అనుకుని, ఒక్కోదాంట్లో లోతైన నీటి జాగాను నిలువుగా కొలిచి కూడతారు. ఈమెకు 3, 2.5, 2, 1.5 సెంటీమీటర్లు, మొత్తం 9. 5 కంటే తక్కువైతే నీరు తక్కువ, 25 దాటితే ఎక్కువ. ఈ నీటిలో ఎక్కువ భాగం బిడ్డ పోసే మూత్రమే. తల్లి తాగిన నీళ్లను బట్టి, ప్రోబ్ ఒత్తిడిని బట్టి అంకె కాస్త మారుతుంది. ఒక స్కాన్‌లో 11, తర్వాతిదాంట్లో 9 వచ్చినంత మాత్రాన నీరు ఇంకిపోయినట్టు కాదు. అయితే ఆగకుండా నీరు కారుతున్నా, బిడ్డ కదలికలు తగ్గినా అంకెలు చూస్తూ కూర్చోకూడదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

ఆశా కార్యకర్తకు చెప్పాల్సిన తేదీ ఆగస్టు 12. బిడ్డ తల పైకి ఉంది కాబట్టి 36 వారాలకు, అంటే జులై 15 దగ్గర, బిడ్డ తిరిగిందో లేదో డాక్టరు మళ్లీ చూడాలి. వాన జోరుగా ఉంటే అలా చూపించుకోవడానికి వెళ్లినప్పుడే, వంతెన దాటి అవతలే ఉండిపోవాలా అన్నది అడిగి తేల్చుకోవాలి.