మూతి వంకర: ముఖనాడి వైకల్యమా, స్ట్రోకా? – ఒక లక్షణ వివేచన

ఉపోద్ఘాతం

ముఖం ఒక పక్కకు హఠాత్తుగా జారిపోతే తెలుగునాట ‘మూతి వంకర పోయింది’ అంటారు, ‘పక్షవాతం వచ్చింది’ అని కూడా అంటారు. ఈ రెండో మాట వెనుక రెండు భిన్న వ్యాధులున్నాయి. ఒకటి మెదడుకు రక్తప్రసరణ ఆగడం వల్లగాని, మెదడులో రక్తస్రావం వల్లగాని కలిగే స్ట్రోక్. రెండోది చెవి వెనుక ఎముకలోని ఇరుకు నాళంలో ముఖనాడి వాచి నలిగిపోవడం. కారణం తెలియని ఈ రెండో స్థితికి, 19వ శతాబ్ది తొలినాళ్లలో దానిని వర్ణించిన స్కాట్లండ్ వైద్యుడు చార్లెస్ బెల్ పేరిట ‘బెల్స్ పాల్సీ’ అని పేరు. స్ట్రోక్‌లో రక్తపు గడ్డను కరిగించే మందుకు సాధారణ గడువు నాలుగున్నర గంటలు. బెల్స్ పాల్సీలో స్టెరాయిడ్ మొదలుపెట్టడానికి గడువు 72 గంటలు. అందుచేత ఈ భేదాన్ని గుర్తించడం మొదటి గంటలోనే జరగాలి.

నుదురు చెప్పే సాక్ష్యం

నుదుటి కండరాలకు మెదడు రెండు అర్ధభాగాల నుండీ ఆదేశాలు అందుతాయి. ముఖపు కింది భాగానికి ప్రధానంగా ఎదుటి అర్ధభాగం నుండే అందుతాయి. కాబట్టి మెదడు పైభాగంలో ఒక పక్క స్ట్రోక్ వచ్చినపుడు మూతి జారినా కనుబొమ పైకి లేస్తుంది, నుదుట ముడతలు పడతాయి. ముఖనాడి దెబ్బతింటే ఆ రెండు ఆదేశాలకూ ఉన్న చివరి దారి తెగినట్లే. అపుడు ఆ పక్క నుదురు నునుపుగా మిగిలిపోతుంది, కన్ను మూతపడదు.

చెవి, నాలుక చెప్పే సాక్ష్యం

ముఖనాడి కండరాలను కదిలించడంతో ఆగదు. దాని శాఖ అయిన కార్డా టింపాని నాలుక ముందరి మూడింట రెండు వంతుల నుండి రుచిని చేరవేస్తుంది. మరొక శాఖ మధ్యచెవిలోని స్టెపీడియస్ అనే చిన్న కండరం ద్వారా పెద్ద శబ్దాల తీవ్రతను తగ్గిస్తుంది. చెవి పరిసరాల స్పర్శలోనూ ఈ నాడికి కొంత పాత్ర ఉంది. నాళంలో నాడి వాచినపుడు చెవి వెనుక నొప్పి, రుచి మారడం, శబ్దాలు కర్కశంగా వినిపించడం ముఖవైకల్యంతో జతకూడడానికి కారణం ఇదే.

ఒక ఊహాత్మక ఉదాహరణ

తాటిపాకలో 45 ఏళ్ల కొబ్బరి వ్యాపారి ఒకరున్నారనుకొందాం. మొదటి రోజు సాయంత్రం ఎడమ చెవి వెనుక నొప్పి మొదలైంది. మరునాటి మధ్యాహ్నం పప్పుచారు రుచి తెలియలేదు. ఆ రాత్రి పుక్కిలిస్తే నీళ్లు ఎడమ మూల నుండి కారాయి. మూడో రోజు ఉదయానికి ఎడమకన్ను మూతపడలేదు. మూయబోతే కనుగుడ్డు పైకి తిరుగుతూ కనిపించింది. కనుబొమలు ఎత్తమంటే ఎడమ నుదురు కదలలేదు. చేతులు చాచి నిలిపితే ఏదీ కిందికి జారలేదు. మాట తడబడలేదు, నడక తూలలేదు.

ఇక్కడ లక్షణాలు గంటల తరబడి పెరిగాయి. స్ట్రోక్ సాధారణంగా క్షణాల్లోనో నిమిషాల్లోనో వస్తుంది. పై ఆధారాలన్నీ ముఖనాడినే సూచిస్తున్నాయి. అయితే వైద్యుడు చెవి డొప్పనూ చెవి రంధ్రాన్నీ కూడా చూడాలి. అక్కడ నీటిపొక్కులుంటే అది 1907లో జేమ్స్ రామ్సే హంట్ వివరించిన, జోస్టర్ వైరస్ వల్ల కలిగే వ్యాధి. దానికి వైరస్ మందు కూడా అవసరం. స్టెరాయిడ్ రక్తంలో చక్కెరను పెంచుతుంది గనుక ముందే మధుమేహ పరీక్ష చేయాలి. మూతపడని కన్ను ఎండి పుండు పడకుండా పగలు కంటిచుక్కలు, రాత్రి లేపనం వాడి రెప్పను టేపుతో మూయాలి.

2007లో వెలువడిన స్కాట్లండ్ అధ్యయనంలో మూడు రోజుల లోపు ప్రెడ్నిసొలోన్ మొదలుపెట్టినవారిలో తొమ్మిది నెలలకు 94.4 శాతం పూర్తిగా కోలుకొన్నారు. ఆ మందు వాడనివారిలో అది 81.6 శాతం.

నియమం తప్పే చోట్లు

నుదుటి పరీక్ష నమ్మదగినదే గాని నిర్దోషమైనది కాదు. మెదడు కాండంలోని పాన్స్‌లో ముఖనాడి పుట్టేచోట స్ట్రోక్ వస్తే నుదురు కూడా కదలదు. అపుడు తలతిరగడం, చూపు రెండుగా కనబడడం, నడక తూలడం, మింగలేకపోవడం, కాలుచేతుల బలహీనత వంటివి తోడవుతాయి. హఠాత్తుగా చెవుడు వచ్చినా అనుమానించాలి. తొలి గంటల్లో సీటీ స్కాన్ ఇటువంటి చిన్న స్ట్రోక్‌ను చూపకపోవచ్చు, ఎంఆర్ఐ మేలు. నొప్పి చెవి వెనుక నుండి మెడకు, తల వెనుకకు వ్యాపిస్తే మెడ ధమని గోడ చిరగడాన్నీ తలచుకోవాలి. నొప్పి ఉన్నంత మాత్రాన స్ట్రోక్ కాదనరాదు. మరోవైపు, బెల్స్ పాల్సీ ఆరంభంలో నుదురు కొంత కదులుతూనే ఉండవచ్చు.

ముగింపు

చెవినొప్పి, రుచిమార్పు ముఖనాడి వైపు మొగ్గుచూపే సాక్ష్యాలే తప్ప తీర్పులు కావు. నుదురు కదులుతున్నా, చేయి జారినా, మాట తడబడినా, తల తిరిగినా 108కి ఫోన్ చేసి స్కానింగ్ ఉన్న ఆసుపత్రికి చేరాలి. లక్షణాలు మొదలైన సమయాన్ని రాసి వెంట తీసుకువెళ్లాలి. ముఖమొక్కటే, నుదుటితో సహా జారినపుడు కూడా అదే రోజు వైద్యపరీక్ష తప్పదు. వైకల్యం మూడు రోజులు దాటి పెరుగుతున్నా, మూడు నెలలకూ పూర్తిగా తగ్గకపోయినా బెల్స్ పాల్సీ అన్న నిర్ణయాన్ని పునఃపరిశీలించాలి. కణితి వంటి కారణాలు అపుడే బయటపడతాయి.