ఫైలు చిక్కాలి, అక్షరం చెదరకూడదు

రెండు గంటల ఆన్‌లైన్ క్లాసు. గ్రూప్-2కు తెలుగు మీడియంలో చదివేవాళ్ల కోసం ఒక మాస్టారు స్లైడ్లు చూపిస్తూ పాఠం చెప్పారనుకుందాం. మూలన చిన్న డబ్బాలో ఆయన ముఖం కనిపిస్తుంటుంది. ఆ కాల్‌ను ల్యాప్‌టాప్‌లో ఓబీఎస్‌తో రికార్డు చేస్తే ఫైలు 2.4 జీబీ వచ్చింది. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపుదామన్నా 2 జీబీ దాటితే వెళ్లదు. అప్పుడు చాలామంది చేసే పని ఒకటే: ఏదో ఒక కన్వర్టర్ తెరిచి 1080p ఉన్నచోట 480p ఎంచుకోవడం. ఫైలు చిక్కుతుంది, నిజమే. అక్షరాలు కూడా దాంతోపాటే పోతాయి.

తెలుగు స్లైడుకు ఈ దెబ్బ ఇంగ్లిషు స్లైడు కంటే ముందే తగులుతుంది. ద, థ, ధ ఈ మూడింటినీ వేరు చేసేది లోపలి చుక్క ఒకటి, కింది గీత ఒకటి. వత్తులైతే అసలు అక్షరంలో సగం ఎత్తు కూడా ఉండవు. 1080p తెర మీద 18 పిక్సెళ్ల ఎత్తున్న అక్షరం 480pకి దిగేసరికి 8 పిక్సెళ్లే మిగులుతుంది. అంత చోటులో చుక్కా గీతా కలిసిపోయి ఒక మచ్చ అవుతాయి. దాన్ని మళ్లీ పెద్దది చేసి చూసినా పెద్ద మచ్చే కనిపిస్తుంది.

ఇంతకీ ఆ 2.4 జీబీ ఎక్కడి నుంచి వచ్చింది? మన ఉదాహరణలో ఓబీఎస్ వీడియోకు సెకనుకు 2500 కిలోబిట్లు, ఆడియోకు 160 కిలోబిట్లు రాస్తోంది. రెండూ కలిపి 2660. దాన్ని 7200 సెకన్లతో గుణించి, ఎనిమిదితో భాగిస్తే దాదాపు 2400 ఎంబీ. స్థిర బిట్‌రేటు అంటే ఇదే: మాస్టారు ఒకే స్లైడు మీద పది నిమిషాలు మాట్లాడినా, ఏమీ కదలకపోయినా, లెక్క తగ్గకుండా ఉత్తుత్తి డేటాతో నింపి మరీ రాస్తుంది.

హెచ్.264 లాంటి కోడెక్‌కు కదలని స్లైడు చాలా చౌక. స్లైడు మారినప్పుడు ఒకసారి బొమ్మంతా రాస్తుంది. ఆ తర్వాత ఫ్రేములన్నిటికీ 'ముందున్నదే' అని చెప్పి ఊరుకుంటుంది. ఖర్చంతా కదిలేవాటికే: ముఖం, వెబ్‌క్యామ్ చీకట్లో పుట్టించే గరుకుదనం, మాస్టారి వెనకాల తిరిగే సీలింగ్ ఫ్యాను. ఫ్యాను చూడాలని ఏ విద్యార్థీ డేటా ఖర్చు పెట్టడు గానీ, ఫైల్లో స్లైడు కంటే దానికే ఎక్కువ చోటు పోవచ్చు. అంటే రిజల్యూషన్ తగ్గించినప్పుడు మనం ఖర్చు పెడుతున్న ముఖాన్ని వదిలేసి, ఏ ఖర్చూ లేని స్లైడును శిక్షిస్తున్నామన్నమాట. తగ్గించాల్సింది ఫ్రేములను. సెకనుకు 30 ఫ్రేముల బదులు 10 ఉంచితే ముఖం కొంచెం తడబడుతూ కదులుతుంది, అంతే. స్లైడులో ఒక్క పిక్సెల్ కూడా పోదు.

ఉచితంగా దొరికే ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌తో ఈ పని ఒకే ఆదేశంతో అయిపోతుంది:

```
ffmpeg -i class.mkv -vf fps=10 -c:v libx264 -crf 26 \
  -preset slow -g 100 -c:a aac -ac 1 -b:a 64k \
  -movflags +faststart class-small.mp4
```

ఇందులో ముఖ్యమైనది `-crf 26`. ఇంత సైజు కావాలని కాకుండా, ఇంత నాణ్యత కావాలని అడగడం ఇది. కదలని చోట బిట్లు మిగులుతాయి, స్లైడు మారిన క్షణాన కావలసినన్ని వాడుకుంటుంది. అంకె పెరిగేకొద్దీ నాణ్యత తగ్గుతుంది. ఆరు పెరిగితే సైజు ఇంచుమించు సగమవుతుంది. స్లైడ్లకు 24 నుంచి 28 మధ్య పెట్టి చూడొచ్చు. `-g 100` అంటే ఎంత తక్కువగా చూసినా ప్రతి 10 సెకన్లకూ ఒక పూర్తి ఫ్రేము ఉంటుంది. అది లేకపోతే వీడియోను ముందుకు జరిపినప్పుడు కొన్ని ప్లేయర్లు అనుకున్న చోట ఆగవు.

ఇలాంటి క్లాసుకు వీడియో సాధారణంగా సెకనుకు 150 నుంచి 300 కిలోబిట్ల మధ్య పడుతుంది. ఆడియోతో కలిపి మొత్తం 200 నుంచి 330 ఎంబీ. 1080p అలాగే ఉంది, ఫైలు మాత్రం ఏడో వంతుకో అంతకన్నా తక్కువకో దిగింది.

ఆదేశాలు టైపు చేయడం ఇష్టం లేనివాళ్లకు హ్యాండ్‌బ్రేక్ ఉంది. `Fast 1080p30` ప్రీసెట్‌తో మొదలుపెట్టి, `Video` ట్యాబులో ఫ్రేమురేటు 10, `RF` 26 చేసి, ఆడియోలో `Mono`, 64 ఎంచుకుంటే దాదాపు ఇదే ఫలితం వస్తుంది.

మాట విషయంలో పిసినారితనం పనికిరాదు. క్లాసులో స్లైడు మసకబారినా మాటను బట్టి అర్థం చేసుకోవచ్చు. మాట పోతే క్లాసే పోయినట్టు. అయితే మాట్లాడే గొంతుకు స్టీరియో అక్కర్లేదు. మోనోలో 64 కిలోబిట్ల ఏఏసీ చాలు. రెండు గంటలకు 58 ఎంబీ లోపే అవుతుంది. ఇంకా బాగా కిందికి దించితే ముందు పోయేవి పై ధ్వనులు. శ, ష, స ఒకేలా వినిపిస్తాయి, మాటల చివర నీళ్లలో గలగలలాడినట్టు ఉంటుంది. ఓపస్ కోడెక్ ఇంతకంటే తక్కువలోనే స్పష్టంగా వినిపిస్తుంది గానీ, ఎంపీ4లో ఓపస్ పెడితే పాత ఫోన్లలో పలకకపోవచ్చు. అందుకే ఏఏసీ. ఒకవేళ రికార్డింగులో ఆడియో ఇప్పటికే చిన్నదిగా ఉంటే `-c:a copy` అని ముట్టుకోకుండా వదిలేయడం మేలు.

రెండు గంటల ఫైలంతా మార్చేముందు రెండు నిమిషాల ముక్క మీద పరీక్షించండి. `-i`కి ముందు `-ss 00:40:00 -t 120` చేరిస్తే నలభయ్యో నిమిషం నుంచి అంత మేరకే మారుస్తుంది. అయితే తేలిగ్గా ఉన్న చోటు ఎంచుకోకూడదు. అన్నిటికంటే చిన్న అక్షరాల పట్టిక ఉన్న చోటు, విద్యార్థి ఎవరో దూరం నుంచి ప్రశ్న అడిగిన చోటు చూడాలి. పాతదీ కొత్తదీ ఒకే క్షణం దగ్గర ఆపి, ఫుల్ స్క్రీనులో వత్తులు పోల్చండి. స్లైడు మారిన వెంటనే మసకగా వచ్చి తర్వాత తేటపడుతున్నా, కొన్ని సెకన్లకోసారి అక్షరాలు ఉలిక్కిపడ్డట్టు కదిలినా బిట్లు చాలడం లేదని అర్థం. `crf`ను రెండు తగ్గించండి. ఫైలంతా అయ్యాక చివరి అయిదు నిమిషాల్లో పెదవులూ మాటా కలిసే ఉన్నాయో లేదో ఒకసారి చూడాలి.

దీనికీ హద్దులున్నాయి. కాల్‌లో నెట్ సరిగ్గా లేక అసలు రికార్డింగులోనే అక్షరం చెదిరి ఉంటే ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని తిరిగి తేలేదు. మాస్టారు మధ్యలో వీడియో క్లిప్ వేస్తే 10 ఫ్రేములు చాలవు, అలాంటి క్లాసుకు 25 ఉంచుకోవాలి. పదహారు ముఖాల గ్యాలరీ వ్యూ రికార్డు చేసి ఉంటే ఫైలు ఇంతగా చిక్కదు. జూమ్ స్వయంగా ఇచ్చే రికార్డింగులు మామూలుగా ముందే చిన్నవి. వాటిని మళ్లీ నలిపితే నాణ్యత పోవడమే తప్ప ఒరిగేది తక్కువ.

ఓబీఎస్ వాడేవాళ్లకు ఇంకో మాట. వచ్చే క్లాసుకు ముందే `Settings`, `Output`లోకి వెళ్లి `Recording Quality`ని `Same as stream` నుంచి `High Quality, Medium File Size`కు మార్చండి. `Video`లో ఫ్రేమురేటు 10 పెట్టండి. అప్పుడు ఈ రెండో పని చాలాసార్లు అవసరమే పడదు.